పదిహేను లక్షల లోపు డబ్బుకు కూడా సక్సెషన్ సర్టిఫికెట్ కావలసి వచ్చిన కేసు

ఇంట్లో ఒకరు పోయాక బ్యాంకుకు వెళ్తే "లీగల్ హైర్ తెచ్చారా, సక్సెషన్ తెచ్చారా" అని అడుగుతారు. మొదటిది తహసీల్దారు ఇచ్చే వారసుల పత్రం, రెండోది కోర్టు ఇచ్చే సర్టిఫికెట్. ఒకటి చిన్న కాగితం, రెండోది పెద్ద కాగితం అన్నట్టు వినబడుతుంది. చిన్న మొత్తానికి మొదటిది, పెద్ద మొత్తానికి రెండోది అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ఏ కాగితం కావాలో మొత్తం కొంతవరకే తేలుస్తుంది. అసలు తేల్చేది వారసులందరి సంతకాలు దొరుకుతాయా లేదా అన్నదే. దాన్ని చూపడానికి ఒక కేసును మొదటి నుంచి చివరి దాకా నడిపిద్దాం. మనుషులు, అంకెలు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి కల్పించినవి. చిక్కులు మాత్రం కోర్టు వరండాల్లో తరచూ కనబడేవే.

విజయవాడలో ఉండే 54 ఏళ్ల ప్రైవేటు ఉద్యోగి 2024 ఆగస్టులో చనిపోయాడు. హిందువు, వీలునామా రాయలేదు. భార్య, 24 ఏళ్ల కొడుకు, పెళ్లయి అమెరికాలో ఉన్న కూతురు ఉన్నారు. తల్లి అప్పటికి బతికే ఉంది, భర్త తరఫు ఫ్యామిలీ పెన్షన్‌తో బతుకుతోంది. తండ్రి ఎప్పుడో పోయాడు. ఒక తమ్ముడు, ఒక చెల్లెలు ఉన్నారు. ఐదు నెలలకు, 2025 జనవరిలో, తల్లి కూడా పోయింది. ఈ చివరి వాక్యాన్ని గుర్తుంచుకోండి, కేసంతా దాని మీదే తిరుగుతుంది.

ఆయన వదిలిన డబ్బు ఇదీ. విజయవాడలోని ఒక బ్యాంకులో సేవింగ్స్, ఫిక్స్‌డ్ డిపాజిట్ కలిపి రూ.12,00,000. హైదరాబాద్‌లోని మరో బ్యాంకు శాఖలో ఫిక్స్‌డ్ డిపాజిట్ రూ.18,00,000. డీమ్యాట్ ఖాతాలో రూ.9,60,000 విలువైన షేర్లు. ఈ మూడింటిలోనూ నామినీ లేరు. 2023 మార్చిలో ఒక స్నేహితుడికి డిమాండ్ ప్రోనోటు మీద ఇచ్చిన చేతి అప్పు, వడ్డీతో కలిపి రూ.3,60,000. ఇవి కాక భార్య నామినీగా ఉన్న చిన్న సేవింగ్స్ ఖాతా ఒకటి, పీఎఫ్, ఒక ఫ్లాటు ఉన్నాయి.

ముందు చేయాల్సింది వడపోత

చాలా కుటుంబాలు ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. ఉన్నదంతా ఒకే జాబితాలో రాసి నేరుగా కోర్టుకు వెళ్తాయి. సక్సెషన్ సర్టిఫికెట్‌కు కట్టే కోర్టు ఫీజు పిటిషన్ షెడ్యూల్‌లో చూపిన మొత్తంపై శాతం లెక్కన ఉంటుంది. అవసరం లేనిది షెడ్యూల్‌లో చేరిస్తే దానికీ ఫీజు కట్టాలి. కాబట్టి ముందు ఒక్కొక్క ఆస్తిని తీసుకుని దీనికి ఏ కాగితం చాలు అని చూడాలి.

ఫ్లాటు జాబితాలోంచి పోతుంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం పదో భాగం కింద ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ అప్పులకు, సెక్యూరిటీలకు మాత్రమే. అప్పు అంటే ఇక్కడ చనిపోయిన వ్యక్తికి ఇతరులు ఇవ్వాల్సిన డబ్బు. సెక్యూరిటీలంటే షేర్లు, బాండ్ల లాంటివి. బ్యాంకు డిపాజిట్ కూడా బ్యాంకు ఆయనకు బాకీ పడ్డ డబ్బే. ఇల్లు, పొలం దీనిలోకి రావు. వాటిని పిటిషన్‌లో రాస్తే ఆఫీసు అభ్యంతరంతో తిరిగొస్తుంది, లేదా ఆ భాగాన్ని కోర్టు పక్కన పెడుతుంది.

నామినీ ఉన్న ఖాతా కూడా పోతుంది. భార్య మరణ ధృవపత్రం, తన గుర్తింపు కార్డు, క్లెయిమ్ ఫారంతో వెళ్తే బ్యాంకు డబ్బు ఇస్తుంది. వారసుల పత్రం, కోర్టు పత్రం ఏదీ అడగకూడదు. ఒక్క సంగతి మాత్రం ఉంది. నామినీకి డబ్బు చేతికొస్తుందే గానీ సొంతం కాదు. బ్యాంకు ఖాతాల విషయంలో 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో, షేర్ల విషయంలో 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. నామినీ తీసుకుంటారు, వారసులు పంచుకుంటారు.

పీఎఫ్‌ది వేరే దారి. ఆయన పెళ్లికి ముందు తమ్ముడి పేరు నామినీగా రాశాడు, తర్వాత మార్చలేదు. 1952 పథకం ప్రకారం సభ్యుడికి కుటుంబం లేనప్పుడు ఎవరి పేరైనా రాయవచ్చు. కానీ ఆ తర్వాత కుటుంబం ఏర్పడితే ఆ నామినేషన్ చెల్లదు. అప్పుడు పేరా 70 ప్రకారం కుటుంబ సభ్యులకు సమానంగా చెల్లిస్తారు. కుటుంబంలో ఇంకెవరైనా ఉంటే, మేజరైన కొడుక్కీ, భర్త బతికి ఉన్న కూతురికీ వాటా రాదు. తల్లిదండ్రులైతే సభ్యుడి మీద ఆధారపడిన వారై ఉండాలి. ఇక్కడ కొడుకు మేజరు, కూతురికి భర్త ఉన్నాడు, తల్లికి సొంత పెన్షన్ ఉంది. మిగిలింది భార్య ఒక్కతే. తహసీల్దారు ఇచ్చిన కుటుంబ పత్రంలో ముగ్గురి పేర్లున్నా, పీఎఫ్ కార్యాలయం పంచేది తన పథకం చూసే. ఆ పత్రం ఇక్కడ బంధుత్వానికి ఆధారం మాత్రమే.

మిగిలినవి రెండు బ్యాంకులు, డీమ్యాట్, ప్రోనోటు.

సంతకాలు దొరికితే ఎంత తేలిక

2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు చనిపోయిన ఖాతాదారుల క్లెయిముల మీద కొత్త ఆదేశాలిచ్చింది. వాటి అమలుకు బ్యాంకులకు 2026 మార్చి 31 దాకా గడువిచ్చింది. నామినీ లేని ఖాతాల్లో వాణిజ్య బ్యాంకులకు రూ.15 లక్షలు, సహకార బ్యాంకులకు రూ.5 లక్షల దాకా సరళమైన పద్ధతి పెట్టింది. ఇది ఆ బ్యాంకులో ఆ మనిషి పేరున ఉన్న మొత్తం కలిపి లెక్క. ఖాతాకో పదిహేను లక్షలు అనుకోకూడదు. క్లెయిమ్ ఫారం, మరణ ధృవపత్రం, తీసుకునేవారి గుర్తింపు, నష్టపరిహార బాండు, తీసుకోని వారసుల నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. దానికి తోడు వారసుల ధృవీకరణ పత్రమైనా, కుటుంబాన్ని బాగా ఎరిగిన బయటి వ్యక్తి ఇచ్చే ప్రకటనైనా చాలు. ఈ పరిమితి లోపల బయటి హామీదారు సంతకం అడగకూడదు. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో పరిష్కరించాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మరో 4 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి.

షేర్లకూ ఇలాంటి హద్దులే ఉన్నాయి. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022లో పెట్టిన లెక్క ప్రకారం నామినీ లేని డీమ్యాట్ షేర్లకు ఒక్కో ఖాతాదారుకు రూ.15 లక్షల దాకా, కాగితం రూపంలోని షేర్లకు ఒక్కో కంపెనీకి రూ.5 లక్షల దాకా నోటరీ చేసిన అఫిడవిట్, నష్టపరిహార బాండు, మిగిలిన వారసుల నిరభ్యంతర పత్రాలతో పని జరుగుతుంది. ఆ హద్దు దాటినా సక్సెషన్ సర్టిఫికెట్ ఒక్కటే దారి కాదు. ప్రభుత్వ అధికారి ఇచ్చిన వారసుల ధృవీకరణ పత్రాన్నీ ఒప్పుకోవచ్చని అదే ఏడాది నిబంధనల్లో చేర్చారు. దానికి తోడు నష్టపరిహార బాండు, మిగతా వారసుల నిరభ్యంతరం ఉండాలి.

ఈ దారులన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది గమనించండి. ఎక్కడ చూసినా మిగతా వారసుల నిరభ్యంతరం కావాలి. వారసుల పత్రం ఇంట్లో ఎవరున్నారో చెబుతుంది. ఎవరికి డబ్బు ఇవ్వాలో చెప్పదు. ఆ లోటును సంతకాలు పూడుస్తాయి. ఒక్క సంతకం తగ్గినా సరళమైన పద్ధతి ఆగిపోతుంది, మొత్తం రూ.12 లక్షలైనా, రూ.2 లక్షలైనా.

తహసీల్దారు పత్రంలో లేని పేరు

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ జనం లీగల్ హైర్ అనేది, తహసీల్దారు ఇచ్చేది, చాలాసార్లు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. మీసేవలోనో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే గ్రామ, వార్డు సచివాలయంలోనో దరఖాస్తు పెడతారు. మరణ ధృవపత్రం, ఆధార్లు, రేషన్ కార్డు జత చేస్తారు. కింది సిబ్బంది ఇంటికొచ్చి ఇరుగుపొరుగును అడిగి, పంచనామా రాసి, నివేదిక పంపుతారు. తహసీల్దారు కుటుంబ సభ్యుల పట్టిక ఇస్తాడు. వాటాలు తేల్చడం అతని పని కాదు, అతనికి ఆ అధికారమూ లేదు.

మన కేసులో దరఖాస్తు పెట్టింది 2025 ఏప్రిల్‌లో. అప్పటికి తల్లి లేదు. విచారణకొచ్చిన వ్యక్తి ఇంట్లో ఉన్నవారి పేర్లే రాసుకున్నాడు. పత్రంలో ముగ్గురి పేర్లొచ్చాయి: భార్య, కొడుకు, కూతురు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ రోజున కుటుంబం ముగ్గురే.

కానీ వారసత్వాన్ని లెక్కించేది దరఖాస్తు రోజున కాదు, మనిషి పోయిన రోజున. 1956 హిందూ వారసత్వ చట్టం కింద వీలునామా లేకుండా పోయిన మగవాడి మొదటి తరగతి వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లి కూడా ఉంటుంది, వాళ్లతో సమానంగా. తండ్రి రెండో తరగతిలో ఉంటాడు. కొడుకు ఆస్తిలో తల్లికి వాటా ఏమిటి అని అడిగేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు, చదువుకున్నవాళ్లు కూడా. 2024 ఆగస్టులో తల్లి బతికుంది. కాబట్టి ఆ రోజే నాలుగో వంతు ఆమెదైంది. 2025 జనవరిలో ఆమె పోతే ఆ నాలుగో వంతు మాయం కాలేదు, ఆమె వారసులకు వెళ్లింది.

ఆమె వారసులు ఎవరు? హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే, పుట్టింటి నుంచో మెట్టినింటి నుంచో వచ్చిన ఆస్తికి ఉన్న ప్రత్యేక నియమాలు పక్కన పెడితే, ముందుగా ఆమె కొడుకులు, కూతుళ్లు, అంతకుముందే పోయిన బిడ్డల పిల్లలు, భర్త కలిసి తీసుకుంటారు. కొడుకు నుంచి వచ్చిన వాటాకు ఆ ప్రత్యేక నియమాలు తగలవు. కాబట్టి తమ్ముడికి ఒక భాగం, చెల్లెలికి ఒక భాగం, పోయిన కొడుకు తరఫున అతని ఇద్దరు పిల్లలకు కలిపి ఒక భాగం. కోడలికి దీనిలో ఏమీ రాదు.

లెక్క కోసం మొత్తాన్ని 24 భాగాలు చేద్దాం. మొదటి పంపకంలో భార్య, కొడుకు, కూతురు, తల్లికి ఆరేసి. తల్లి ఆరు భాగాల్లో తమ్ముడికి రెండు, చెల్లెలికి రెండు, మనవడికి ఒకటి, మనవరాలికి ఒకటి. చివరికి భార్యకు 6, కొడుక్కి 7, కూతురికి 7, తమ్ముడికి 2, చెల్లెలికి 2. నాలుగు ఆస్తుల మొత్తం రూ.43,20,000, అంటే భాగానికి రూ.1,80,000. భార్యకు రూ.10,80,000, పిల్లలిద్దరికీ తలా రూ.12,60,000, తమ్ముడికి, చెల్లెలికి తలా రూ.3,60,000.

ఈ లెక్క హిందువులకే. క్రైస్తవ కుటుంబమైతే పిల్లలున్నప్పుడు తల్లికి వాటా రాదు, భార్యకు మూడో వంతు, పిల్లలకు మిగతాది. ముస్లిం కుటుంబంలో పిల్లలున్నా తల్లికి ఆరో వంతు వస్తుంది. ముందు ఏ చట్టమో చూసుకుని తర్వాత కాగితం పట్టుకోవాలి.

బ్యాంకు కౌంటర్ దగ్గర ఆగిపోయిన చోటు

ముగ్గురి పేర్లున్న పత్రం, ముగ్గురి సంతకాలతో విజయవాడ బ్యాంకులో రూ.12 లక్షలకు క్లెయిమ్ పెట్టారు. హద్దు లోపలే ఉంది, తేలిగ్గా వచ్చేదే. శాఖలో అధికారి క్లెయిమ్ ఫారంలో తల్లిదండ్రుల గడి చూసి, "అమ్మగారు ఎప్పుడు పోయారు?" అని అడిగాడు. కొడుకు కంటే తర్వాత అని చెప్పారు. అక్కడితో ఫైలు ఆగింది. ఇది మీరే చూసుకోగల పరీక్ష: చనిపోయిన తేదీని ఒక కాగితం మీద రాసి, ఆ రోజున తల్లి, భార్య, ప్రతి కొడుకు, ప్రతి కూతురు బతికున్నారా అని ఒక్కొక్కరి ఎదురుగా రాయండి. తర్వాత పోయినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల వారసులు కూడా మీ సంతకాల జాబితాలోకి వస్తారు. వాళ్ల మరణ ధృవపత్రం, వాళ్ల కుటుంబ పత్రం కూడా జత చేయాలి.

తమ్ముడు సంతకం పెడతానన్నాడు. చెల్లెలు పెట్టనంది. వాటా ఉందని తెలియకముందు ఆమెకూ ఆ ఆలోచన లేదు. అయితే అన్న పోయిన వారం రోజుల్లో కొడుకు ఏటీఎం కార్డుతో రూ.1,50,000 తీశాడు, ఆసుపత్రి బాకీలకు. ఖాతా స్టేట్‌మెంట్‌లో తేదీలు చూశాక ఆమెకు నమ్మకం పోయింది. మనిషి పోయాక కార్డు వాడటం అవసరం కోసమే చేసినా తర్వాత ఇలా తగులుతుంది. ఆ రసీదులన్నీ దాచుకుని, బ్యాంకుకు చెప్పి ఖాతా నిలిపివేయించడమే మేలు.

ఇక వారసుల పత్రంతో బ్యాంకులు, డీమ్యాట్ రెండూ కుదరవు. హైదరాబాద్ బ్యాంకులోది ఎలాగూ రూ.15 లక్షలు దాటింది. కాబట్టి నాలుగు ఆస్తులూ ఒకే పిటిషన్‌లోకి వచ్చాయి.

కోర్టులో

పిటిషన్ వేయాల్సింది చనిపోయిన వ్యక్తి చివరగా మామూలుగా నివసించిన చోటి కోర్టులో, 1925 చట్టం సెక్షన్ 371 ప్రకారం. జిల్లా జడ్జి గానీ, అధికారం పొందిన సివిల్ జడ్జి గానీ విచారిస్తారు. బ్యాంకు హైదరాబాద్‌లో ఉందని అక్కడ వేయనక్కరలేదు. విజయవాడ కోర్టు ఇచ్చిన సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది.

పిటిషన్‌లో సెక్షన్ 372 అడిగినవన్నీ ఉండాలి: మరణ తేదీ, నివాసం, కుటుంబం, దగ్గరి బంధువులు, వారి చిరునామాలు, అడిగే హక్కు ఎలా వచ్చింది, ఏ బాకీలు, ఏ సెక్యూరిటీలు. చెల్లెలిని వదిలేసి ముగ్గురి పేర్లతో వేస్తే త్వరగా అవుతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది చేయకూడదు. బంధువును దాచి పొందిన సర్టిఫికెట్‌ను సెక్షన్ 383 కింద రద్దు చేయించవచ్చు. పిటిషన్‌లో తెలిసి అబద్ధం రాస్తే శిక్షకు గురయ్యే నేరం. ఇక్కడ భార్య, కొడుకు, కూతురు, తమ్ముడు పిటిషనర్లు, చెల్లెలు ప్రతివాది.

అమెరికాలోని కూతురు రాలేదు కాబట్టి మిగతా పిటిషనర్లలో ఒకరికి పవరాఫ్ అటార్నీ ఇచ్చింది. అక్కడి నోటరీ దగ్గర సంతకం చేసి, వేరే దేశంలో చెల్లేలా వేసే అపోస్టిల్ అనే ప్రభుత్వ ధృవీకరణ వేయించింది. అది ఇండియాకు వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. ఈ గడువు మరిచిపోయి జరిమానా కట్టేవాళ్లు ఎక్కువ.

షెడ్యూల్ రాయడంలోనే సగం పని ఉంటుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరి బ్యాంకు దాన్ని రెన్యూ చేసినప్పుడు రసీదు సంఖ్య మారుతుంది. పాత సంఖ్యతో సర్టిఫికెట్ వస్తే బ్యాంకు "ఈ డిపాజిట్ మా దగ్గర లేదు" అంటుంది. కాబట్టి పిటిషన్ వేసే వారంలోనే బ్యాంకు నుంచి తాజా నిల్వ పత్రం తీసుకోవాలి. అసలుతో పాటు చెల్లించే రోజు వరకు పెరిగే వడ్డీ కూడా అని రాయాలి. షేర్లకు కంపెనీ పేరు, ఎన్ని షేర్లు, వాటి గుర్తింపు కోడ్ అయిన ఐఎస్‌ఐఎన్, డీమ్యాట్ ఖాతా సంఖ్య, దరఖాస్తు నాటి మార్కెట్ విలువ ఇవ్వాలి. మధ్యలో బోనస్, స్ప్లిట్ వస్తే సంఖ్య మారుతుంది కాబట్టి వాటినీ డివిడెండ్లనూ కలుపుకుని అడగాలి. ఒక ఆస్తి వదిలేసినట్టు తర్వాత తెలిస్తే కొత్త పిటిషన్ అక్కరలేదు. సెక్షన్ 376 కింద సర్టిఫికెట్‌ను పొడిగించమని అడగవచ్చు, దానికీ ఫీజు ఉంటుంది.

మన దగ్గర పేర్ల గొడవ ప్రత్యేకం. బ్యాంకులో ఇంటిపేరు పొడి అక్షరంగా, డీమ్యాట్‌లో పూర్తిగా చివర, మరణ ధృవపత్రంలో ముందు రాసి ఉంటుంది. మూడూ ఒకే మనిషివని పిటిషన్‌లోనే ఒక పేరా రాసి, మూడు రూపాలనూ అలాగే చూపి, ఒకే వ్యక్తి అన్న మాట ఉత్తర్వులో, సర్టిఫికెట్‌లో వచ్చేలా అడగాలి. ఇది మరిచిపోతే సర్టిఫికెట్ చేతిలో ఉన్నా షేర్లను వారసుల పేరుకు మార్చే ట్రాన్స్‌మిషన్ దరఖాస్తు తిరిగొస్తుంది, మళ్లీ సవరణ పిటిషన్ వేయాలి.

పిటిషన్ నంబరయ్యాక ప్రతివాదికి నోటీసు, దినపత్రికలో ప్రకటన. అభ్యంతరం చెప్పేవాళ్లెవరూ రాకపోతే భార్యను సాక్షిగా విచారించి, మరణ ధృవపత్రాలు రెండూ, కుటుంబ పత్రాలు రెండూ, బ్యాంకు, డీమ్యాట్ కాగితాలు, ప్రోనోటు మార్కు చేస్తారు. తహసీల్దారు పత్రం ఇక్కడ ఒక ఆధారం మాత్రమే. అందులో తల్లి పేరు లేకపోయినా కోర్టు ఆమె మరణ ధృవపత్రంలోని తేదీ చూసి వాటా లెక్కిస్తుంది. చట్టం ప్రకారం ఫీజుకు సమానమైన డబ్బు దరఖాస్తుతోనే జమ చేయాలి. పిటిషన్ ఒప్పుకుంటే దాంతో సర్టిఫికెట్‌కు కావలసిన స్టాంపులు కొంటారు, కొట్టేస్తే తిరిగిస్తారు.

చెల్లెలు కోర్టులో వేసిన జవాబు పత్రంలో వదిన హక్కును కాదనలేదు, తన రెండు భాగాలు తనకే రావాలంది. ఇలాంటప్పుడు రెండు దారులుంటాయి. ఒకటి, భార్య ఒక్కరి పేరున సర్టిఫికెట్ ఇచ్చి, మిగతావారికి వాటాలివ్వడానికి సెక్షన్ 375 కింద జామీనుతో బాండు రాయించడం. బ్యాంకుకు ఇది తేలిక. రెండు, ఐదుగురి పేరున ఉమ్మడిగా ఇచ్చి వాటాలు రాయడం. బ్యాంకులో ఐదుగురి సంతకాలు కావాలి, పని నెమ్మదిగా సాగుతుంది, కానీ డబ్బు ఎవరి చేతిలోనూ ఆగదు. నమ్మకం తగ్గిన ఇంట్లో రెండోదే మంచిదని నా అభిప్రాయం. ఇక్కడ అదే అడిగారు. చెల్లెలు దానికి ఒప్పుకుంటూ మెమో వేసింది, విచారణ తర్వాత ముందుకు లాగలేదు.

సర్టిఫికెట్ వచ్చిందంటే హక్కులన్నీ తేలిపోయినట్టు కాదు. విచారణ సంక్షిప్తమైనది. ఎవరైనా తర్వాత మామూలు దావా వేసి అసలు హక్కు తేల్చుకోవచ్చు. సర్టిఫికెట్ గట్టిగా చేసే పని మరొకటి: దాన్ని నమ్మి డబ్బు చెల్లించిన బ్యాంకుకు, కంపెనీకి, బాకీదారుకు సెక్షన్ 381 పూర్తి రక్షణ ఇస్తుంది. తర్వాత ఇంకో వారసుడు వచ్చి అడిగినా వాళ్లు రెండోసారి చెల్లించనక్కరలేదు. బ్యాంకు పట్టుబట్టి సక్సెషన్ అడిగేది ఈ రక్షణ కోసమే. తహసీల్దారు పత్రంలో అది ఉండదు కాబట్టే దానితో పాటు బాండ్లు రాయించుకుంటుంది.

ప్రోనోటు విషయం

ఇది వేరే గడియారం మీద నడిచింది. డిమాండ్ ప్రోనోటు మీద దావాకు నోటు తేదీ నుంచి మూడేళ్ల గడువు. మధ్యలో బాకీదారు కొంత చెల్లించి నోటు మీద రాసి సంతకం పెడితే గడువు మళ్లీ మొదలవుతుంది. ఇక్కడ అలాంటి చెల్లు లేదు, గడువు 2026 మార్చితో ముగుస్తుంది. సక్సెషన్ సర్టిఫికెట్ వచ్చాక దావా వేద్దాం అనుకుంటే బాకీ కాలాతీతమవుతుంది.

చట్టం ఇక్కడ ఒక వెసులుబాటు ఇస్తుంది. సెక్షన్ 214 కోర్టును ఆపేది చనిపోయినవాడి బాకీదారు మీద సర్టిఫికెట్ లేకుండా డిక్రీ ఇవ్వకుండా. దావా వేయడాన్ని ఆపదు. కాబట్టి వారసులంతా వాదులుగా 2026 ఫిబ్రవరిలోనే దావా వేసి, సక్సెషన్ పిటిషన్ పెండింగ్‌లో ఉందని ప్లెయింట్‌లో రాశారు. సర్టిఫికెట్ రాగానే దాని నకలు దావాలో దాఖలు చేయవచ్చు. వారసుల పత్రాన్ని చూపి "మేమే వారసులం, డిక్రీ ఇవ్వండి" అంటే ఈ సెక్షన్ అడ్డొస్తుంది. అప్పు ఇచ్చినవాడు డిక్రీ పొంది, వసూలు చేయకముందే పోయినా అంతే. డిక్రీ అమలు కోసం వారసులు ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలంటే సర్టిఫికెట్ కావాలి. అసలు నోటును మాత్రం ఒక కోర్టులో దాఖలు చేసేస్తే రెండో కోర్టులో కనబడదు. అందుకే సక్సెషన్ పిటిషన్‌లో నోటు సర్టిఫైడ్ కాపీ ఉంచి, అసలును దావాలో వేశారు.